పసుపు ఓడింది, కారం నెగ్గింది: గ్లాసు నీళ్ల పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

వంటింటి_కిటికీ
నిన్న రాత్రి ఇంట్లో ఉన్న పసుపు, కారం రెండింటినీ నీళ్లలో వేసి చూశాను. రెండు గాజు గ్లాసుల్లో చల్లని నీళ్లు పోసి, ఒక్కోదానిలో చెంచాడు పొడి పైనుంచి చల్లి, కదపకుండా వదిలేశాను. పసుపు వేసిన గ్లాసు రెండు నిమిషాల్లో నిలువునా పచ్చబడింది. కారం కాసేపు పైన తేలి, తరువాత నెమ్మదిగా అడుగుకు దిగింది. ఎర్రని చారలేవీ కనిపించలేదు. అంటే పసుపు కల్తీది, కారం మంచిది అనుకున్నాను. పసుపు పారబోయబోతూ ఎందుకో ఆగాను. రెండూ ఒకే దుకాణంలో ఒకే రోజు విడిగా తూకం వేయించి కొన్నవే.

ఇకపై పొడులు మానేసి కొమ్ములు, ఎండుమిరపకాయలు కొని మరపట్టించుకుందామని ఉంది. కొనేటప్పుడు ఏమి చూడాలో చెప్పండి. నేను పరీక్ష చేసిన పద్ధతి సరైనదేనా?

సత్యం_62
పారబోయండి. నీళ్లలో రంగు విడిచిందంటే ఇంకేమి సందేహం? మా ఇంట్లో పదేళ్లుగా పొడి కొనలేదు. కొమ్ము కొన్నాక కల్తీకి తావే లేదు.

గాజుకుప్పె
పారబోయకండి. నేను ఆహార పరీక్షల ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేశాను. మీరు చేసిన పరీక్షలో తప్పు లేదు కానీ రెండు గ్లాసులు చెప్పినదాన్నీ మీరు తలకిందులుగా అర్థం చేసుకున్నారు.

ముందు పసుపు సంగతి. మెత్తగా ఆడిన పసుపు రేణువులు చాలాసేపు నీళ్లలో వేలాడుతూ ఉంటాయి. గ్లాసు పచ్చగా కనిపించడానికి అది చాలు. చూడవలసింది రంగు కరిగిందా, పొడి తేలుతోందా అన్నది. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ చల్లని నీళ్లలో దాదాపు కరగదు. పసుపులో కలిపే మెటానిల్ యెల్లో అనే బట్టల రంగు మాత్రం ఇట్టే కరుగుతుంది. అందుకని గ్లాసును అరగంట అలాగే ఉంచి, పైనున్న నీళ్లను కాఫీ వడపోత కాగితంలోంచి వడకట్టండి. కిందికి దిగిన నీరు అద్దంలా తేటగా ఉండి కూడా ముదురు పసుపుగా ఉంటే అప్పుడు అనుమానించాలి. దానిలో రెండు చుక్కల సున్నపు తేట వేయండి. కుర్కుమిన్ అయితే ఎర్రబడుతుంది. మెటానిల్ యెల్లో సున్నానికి చలించదు, పచ్చగానే నిలుస్తుంది.

ఇక కారం. నీళ్లలో చారలు రాలేదంటే రోడమిన్ లాంటి నీళ్లలో కరిగే రంగులు పెద్దగా లేవని మాత్రమే చెప్పవచ్చు. కారంపొడిలో ఎక్కువ భయపడవలసిన సూడాన్ రంగులు నూనెలో కరిగేవి. వాటిని ఎంత కలిపినా నీళ్ల పరీక్షలో బయటపడవు. నిజం చెప్పాలంటే మీ రెండు డబ్బాల్లో నాకు పసుపు మీద కన్నా కారం మీదే అనుమానం ఎక్కువ మిగిలింది.

తొలకరి_మబ్బు
నూనెలో కరుగుతాయంటే పరీక్ష తేలికే కదా. చెంచాడు నూనెలో చిటికెడు కారం వేయండి. నూనె ఎర్రబడితే రంగు కలిపినట్టు. నేను ఎప్పుడూ ఇలాగే చూస్తాను.

గాజుకుప్పె
@తొలకరి_మబ్బు గారూ, సగం వరకు సరే. సూడాన్ నూనెలో కరుగుతుంది. అయితే మిరపకాయ సొంత ఎరుపు కూడా నూనెలోనే కరుగుతుంది. అది కెరోటినాయిడ్ల జాతి రంగు. తాలింపులో వేసిన ఎండుమిరపకాయ చుట్టూ నూనె ఎర్రబడటం చూస్తూనే ఉంటారు. మీ పరీక్షలో మంచి కారం కూడా ఓడిపోతుంది. ఇప్పటి వరకు ఎన్ని డబ్బాలు అన్యాయంగా పారబోశారో!

తొలకరి_మబ్బు
మూడు. మూడూ మంచివేనేమో పాపం.

కొత్త_కాపురం
బాత్రూము కడిగే ఆసిడ్ చుక్క వేస్తే కల్తీ పసుపు గులాబీ రంగుకు తిరుగుతుందని ఎక్కడో చదివాను. సున్నం కన్నా అది తేలిక కాదా?

గాజుకుప్పె
అది ప్రయోగశాల పరీక్షే. చేసేది హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో. వంటింట్లో వద్దు. ఆవిరి ముక్కుకు తగులుతుంది, చేతులు కాలుతాయి. పైగా గాఢమైన ఆసిడ్‌లో మంచి పసుపు కూడా ఎర్రగా కనిపించవచ్చు. నీళ్లు కలిపి పలచన చేశాక ఆ ఎరుపు పోతుందా, నిలుస్తుందా అన్నదే అసలు తీర్పు. అక్కడే చాలామంది పొరబడతారు. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో సరిపెట్టుకుందామంటే వాటి పులుపు ఆ రంగును మార్చడానికి చాలదు.

దుకాణం_వెనక
నేను దినుసుల వ్యాపారంలో ఉన్నాను. @సత్యం_62 గారి మాట విని రాయకుండా ఉండలేకపోతున్నాను. కొమ్ముకు కల్తీ ఉండదనేది మీ నమ్మకం. పసుపు దుంపను ఉడకబెట్టి ఎండబెడితే వచ్చే కొమ్ము మట్టి రంగులో, గరుకుగా, వేళ్ల పీచులతో ఉంటుంది. ఆ పైపొట్టు పోవడానికి డ్రమ్ములో వేసి తిప్పుతారు. దాన్నే పాలిష్ పట్టడం అంటాము. చివరి తిప్పుడులో కొమ్ములకు మెరుపు రావాలని ఏదో ఒకటి చల్లుతారు. నిజాయితీగా చేసేవారు పసుపు పొడినే చల్లుతారు. దొంగపని చేసేవారు పచ్చని రంగుపొడి చల్లుతారు. సరుకు తడిసి రంగు చెడినప్పుడు, పాత సరుకు మిగిలిపోయినప్పుడు ఆ పని ఎక్కువ జరుగుతుంది. కొనేవారు కూడా మెరిసే కుప్ప దగ్గరికే ముందు వెళతారు, ఇది నేను రోజూ చూస్తున్నదే.

సత్యం_62
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మేము కొనేది కూడా మెరిసే కొమ్మే మరి. దాన్ని ఎలా పోల్చుకోవాలి?

గాజుకుప్పె
@దుకాణం_వెనక గారు చెప్పిన ఆ పచ్చని పొడి చాలాచోట్ల లెడ్ క్రోమేట్. సీసం, క్రోమియం కలిసిన పెయింటు రంగు. బంగ్లాదేశ్‌లో దీని జాడ పట్టుకుంటూ వెళ్లిన పరిశోధకులకు పాలిష్ పట్టే చోటే అది దొరికింది. 1980లలో వరదకు తడిసి నల్లబడిన పసుపును అమ్ముడుపోయేలా చేయడానికి ఈ అలవాటు మొదలైందని అక్కడి వ్యాపారులే చెప్పారు. 2019లో ఆ దేశపు ఆహార భద్రత సంస్థ గట్టిగా పట్టుకుంది. మార్కెట్లలో చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రంతో అక్కడికక్కడే పరీక్షించి జరిమానాలు వేసింది. అంతకుముందు మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. 2021కి అది సున్నాకు వచ్చింది. అంటే ఇది ఆపలేని రోగమేమీ కాదు.

మనకు ఇబ్బంది ఏమిటంటే లెడ్ క్రోమేట్ నీళ్లలో కరగదు. నేను పైన చెప్పిన వడపోత పరీక్షకు కూడా చిక్కదు. కాగితం మీద పసుపుతో పాటే ఉండిపోతుంది.

నిద్రలేని_అమ్మ
ఈ దారం చదువుతుంటే చేతులు వణికాయి. మా బాబుకు ఏడాదిన్నర వయసులో మామూలు పరీక్షల్లో భాగంగా రక్తంలో సీసం చూశారు. డెసిలీటరుకు 12 మైక్రోగ్రాములు వచ్చింది. ఇంటి గోడల రంగు అనుకున్నాము, బొమ్మలు అనుకున్నాము, నీటి గొట్టాలు అనుకున్నాము. అన్నీ పరీక్ష చేయించాము. దేనిలోనూ ఏమీ లేదు. చివరికి సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతకడానికి ఇంటికి వచ్చిన ఆవిడ వంటింట్లో డబ్బాలన్నీ వరుసగా పెట్టించి ఒక్కోదానిలో చెంచాడు తీసుకెళ్లింది. సీసం ఉన్నది పసుపులో. ఆ పసుపు నేను సొంతంగా కొమ్ములు కొని, ఎండబెట్టి, మరపట్టించినది. పిల్లవాడికి మంచిదని ప్రత్యేకంగా చేయించిన పసుపు.

ఆపేశాక అంకె నెలనెలా కొద్దికొద్దిగా దిగింది. 5 కంటే కిందికి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. పొడిలోనే కల్తీ ఉంటుంది, కొమ్ములో ఉండదు అని దయచేసి ఎవరికీ చెప్పకండి.

సత్యం_62
అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

నిద్రలేని_అమ్మ
బాగున్నాడు. పరుగులు పెడుతున్నాడు. డాక్టరు గారు ఏడాదికి ఒకసారి చూపించమన్నారు.

అరుగుమీద_కబుర్లు
మా మిక్సీలో కొమ్ములు వేస్తే గిన్నె అంచు విరిగింది. పసుపు కొమ్ములకు ఏ మిక్సీ మంచిది?

కొత్త_కాపురం
@అరుగుమీద_కబుర్లు గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది అది కాదండీ :) అయినా చెబుతాను. ముందు కొమ్ముల్ని గుడ్డలో చుట్టి రోకలితో శనగగింజంత ముక్కలు చేసి, ఆపైన ఎండబెట్టి వేయండి. ఏ మిక్సీలో అయినా నలుగుతాయి.

దుకాణం_వెనక
@సత్యం_62 గారూ, మెరుపు గురించి అడిగారు. నేను కొనుగోలుకు వెళ్లినప్పుడు చేసేది చెబుతాను. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరుస్తాను. బాగా ఉడికి, బాగా ఎండిన కొమ్ము వంగదు. టప్పున విరుగుతుంది. విరిగిన చోట లోపల మైనంలా నునుపుగా, ముదురు నారింజ పసుపులో ఉంటుంది. ఇప్పుడు ఆ లోపలి రంగును, బయటి చర్మాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. సహజమైన కొమ్ములో ఎప్పుడూ లోపలి రంగే ముదురు. బయట కొంచెం మసకగా, మట్టి కలిసిన పసుపుగా ఉంటుంది. బయట నిమ్మపండులా మెరుస్తూ లోపల వెలవెలబోతుంటే ఆ సరుకు తీసుకోను. కొమ్ము మీద ఉంగరాల్లాంటి గీతలు ఉంటాయి. ఆ గీతల పల్లాల్లో పచ్చని పొడి పేరుకుని ఉందా అని కూడా చూస్తాను. పాలిష్ వల్ల వచ్చిన నునుపు ఎత్తుగా ఉన్న చోట ఉంటుంది. చల్లిన రంగు పల్లాల్లో దాక్కుంటుంది.

వంటింటి_కిటికీ
రెండు పరీక్షలు, ఒక దుకాణం పని ముగించుకుని వచ్చాను. వరుసగా చెబుతాను.

మొదట పసుపు. అరగంట తరువాత వడకట్టాను. దిగిన నీరు పలచని టీ రంగులో ఉంది. గ్లాసులో భయపెట్టిన పచ్చదనమంతా కాగితం మీదే ఆగిపోయింది. సున్నపు తేట వేస్తే లేత ఎరుపు వచ్చింది. అంటే మెటానిల్ యెల్లో లేదనే అనుకుంటున్నాను.

తరువాత కొమ్ములు చూద్దామని వెళ్లాను. రెండు కుప్పలు ఉన్నాయి. ఒకటి దూరం నుంచే మెరుస్తోంది. దానిలో ఒకటి విరిస్తే బయట లోపలికన్నా ప్రకాశంగా ఉంది. తడి దూదితో గీతల్లో రుద్దాను. దూది చివర చిక్కని పచ్చని ముద్ద అంటింది. రెండో కుప్ప చూడటానికి మట్టిగడ్డల్లా ఉంది. విరిస్తే లోపల నారింజ రంగు, వాసన గుప్పున వచ్చింది. దానిమీద దూది రుద్దితే గోధుమ రంగు మరకే వచ్చింది. మట్టిగడ్డలే కొన్నాను. దుకాణదారు ఆశ్చర్యపోయాడు.

మెరిసే కుప్పది సీసమే అని చెప్పవచ్చా?

గాజుకుప్పె
చెప్పలేము. @దుకాణం_వెనక గారు అన్నట్టు అది చల్లిన పసుపు పొడి కూడా కావచ్చు. దూది మీది ముద్దకు సున్నపు తేట తగిలిస్తే కొంత తెలుస్తుంది. ఏ మాత్రం ఎర్రబడకుండా పచ్చగానే ఉంటే అది పసుపు కాదు. ఎర్రబడినంత మాత్రాన సీసం లేదనీ కాదు, రెండూ కలిపి చల్లవచ్చు. ఆరోగ్యానికి చేటు చేసే పాటి సీసం కంటికి కనిపించేంత రంగు కూడా ఇవ్వకపోవచ్చు. ఇంటి పరీక్షలు ముతక దొంగను పట్టుకుంటాయి, సన్నని దొంగను పట్టుకోలేవు. కొనకుండా వచ్చారు కనుక మీకు ఆ జవాబుతో అవసరం లేకపోయింది. దుకాణంలో చేయగలిగింది అదే.

కొత్త_కాపురం
కొన్న కొమ్ముల్ని కడిగి ఎండబెడితే పైన ఉన్నదంతా పోదా?

దుకాణం_వెనక
చాలావరకు పోతుంది. నేను ఇంటికి తీసుకెళ్లేవి కడిగే ఆడిస్తాను.

గాజుకుప్పె
ఇక్కడ మీతో ఏకీభవించలేను. మట్టి పోవడానికి కడగండి, మంచిదే. కానీ అనుమానం ఉన్న కొమ్మును కడిగి వాడుకోవచ్చు అనే ధైర్యం వద్దు. ఆ రంగు డ్రమ్ములో రాపిడితో గీతల్లోకి, పగుళ్లలోకి ఎక్కి ఉంటుంది. కడిగితే తగ్గుతుంది, ఎంత తగ్గిందో మీకు తెలియదు.

దుకాణం_వెనక
అనుమానం ఉన్నది నేను కొననే కొనను కదా. నేను చెప్పింది మంచి సరుకు గురించి.

మధ్యాహ్నం_మిరప
పసుపు గురించే సాగుతోంది. మిరపకాయల సంగతి ఎవరైనా చెబుతారా? ఎండుమిరపకాయలకు కూడా రంగు వేస్తారా?

దుకాణం_వెనక
వేస్తారు, కానీ పొడితో పోలిస్తే తక్కువ. ఎందుకో చెబుతాను. కోత తరువాత ఎండేటప్పుడు కొన్ని కాయలు తెల్లమచ్చలు పడి వెలిసిపోతాయి. వాటిని తాలు కాయలు అంటాము. కాయగా అమ్మితే తాలు ఎవరికైనా కనబడుతుంది కనుక వేరుచేసి తక్కువకు అమ్మాలి. అదే తాలును తొడిమలతో, గింజలతో కలిపి ఆడిస్తే పొడి పాలిపోయి ఇటుక రంగుకు వస్తుంది. దానికి ఎరుపు తెప్పించాలంటే రంగు కావాలి. పొడికి రంగు ఎందుకు వేస్తారో అంతా ఈ తాలులోనే ఉంది. కాయ కొంటే ఆ తాలు మీ కంటి ముందే ఉంటుంది, ఏరి పక్కన పెట్టవచ్చు.

రంగు వేసిన కాయల్ని తొడిమ పట్టిస్తుంది. ఎండిన తొడిమ, దాని కింది టోపీ ఎండుగడ్డి రంగులోనో లేత ఆకుపచ్చలోనో ఉండాలి. అవి కూడా ఎర్రబారి ఉంటే కాయల మీద రంగు పడిందన్నమాట. కుప్పలో ప్రతి కాయా ఒకే అచ్చులో పోసినట్టు ఒకే ఎరుపులో ఉన్నా నేను ఆగి చూస్తాను.

గాజుకుప్పె
దానికి ఒకటి కలుపుతాను. దూదిని నూనెలో ముంచి, పగలని కాయ చర్మం మీద రుద్దండి. మిరపకాయ పైన మైనంలాంటి పొర ఉంటుంది. సొంత రంగు దాని కింద బందీగా ఉంటుంది కనుక దూదికి పెద్దగా అంటదు. పైన పూసిన రంగు అయితే దూది ఎర్రబడుతుంది. పగుళ్లు ఉన్న కాయతో చూడకండి, సొంత రంగే బయటికి వస్తుంది. @తొలకరి_మబ్బు గారి నూనె పరీక్ష పొడి మీద పనికిరాదు కానీ కాయ మీద పనికి వస్తుంది. పొడికన్నా కాయ కొనడంలో నాకు కనిపించే లాభం ఇదే.

తొలకరి_మబ్బు
అయితే నా నూనె వృథా పోలేదు!

సత్యం_62
రంగు బాగా ఎర్రగా ఉంటే కారం కూడా ఘాటుగా ఉంటుంది కదా. అలాంటప్పుడు ఎరుపు చూసి కొనడంలో తప్పేముంది?

మధ్యాహ్నం_మిరప
లేదండీ. రంగు వేరు, ఘాటు వేరు. ఘాటు కాప్సైసిన్ వల్ల, అది తెల్లటిది. బాగా ఎర్రగా ఉండి కారమే లేని రకాలు చాలా ఉన్నాయి. ఇవి నేను పండిస్తాను కనుక తెలుసు.

గాజుకుప్పె
ఆ పొరపాటే సూడాన్ రంగు వేసేవారికి పెట్టుబడి. 2003లో ఐరోపా సంఘం దిగుమతి అయ్యే మిరప సరుకులో సూడాన్ 1 లేదని ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. అయినా 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన కారంపొడిలో అది బయటపడి, ఆ సాస్ కలిసిన వందలాది ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అన్ని చేతులు మారినా ఎవరి కంటికీ, నాలుకకూ అనుమానం రాలేదు. పట్టుకున్నది ప్రయోగశాల.

అరుగుమీద_కబుర్లు
మా అత్తగారు కారంపొడిని తెల్లకాగితం మీద పలచగా పరిచి కిటికీలో పెట్టేవారు. కొన్ని వారాలకు మంచి కారం వెలిసిపోతుందని, రంగు కలిపినది అలాగే ఉంటుందని అనేవారు. నిజమేనా?

గాజుకుప్పె
ఆవిడ బాగా గమనించారు. మిరప రంగూ పసుపు రంగూ వెలుతురుకు వెలిసిపోయేవే. ఏడాది పాటు గాజు సీసాలో వెలుతురులో ఉండి కూడా కొత్తగా మెరిసే పొడిని నేను నమ్మను. అయితే వెలిసిపోయినంత మాత్రాన మంచిదని చెప్పలేము. కృత్రిమ రంగుల్లో కొన్ని కూడా ఎండకు వెలుస్తాయి, అసలు రంగుతో కలిసి ఉన్నప్పుడు పోల్చుకోవడం కష్టం.

దుకాణం_వెనక
ఒక్క విన్నపం. పొడి అమ్మేవారంతా దొంగలు కారు. ఎండబెట్టి, తొడిమలు తీసి, ఆడించుకునే తీరిక అందరికీ ఉండదు. పొడే కొనవలసి వస్తే విప్పి పెట్టిన కుప్పలోంచి కాకుండా, ఏ విడతలో తయారైందో రాసి ఉన్న సీలు పొట్లం తీసుకోండి. తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. చిన్న పొట్లమే తీసుకోండి.

నిద్రలేని_అమ్మ
పిల్లలు ఉన్న ఇంట్లో ఒక్కసారైనా పసుపును ప్రయోగశాలలో సీసం కోసం పరీక్ష చేయించమని నా మాట. మరపట్టే చోట ముందు ఆడినవారి పొడి మనదానిలో కలుస్తుందేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. మాది కొమ్ములోంచి వచ్చిందో, ఆ మరలోంచి వచ్చిందో తేలనే లేదు.

మధ్యాహ్నం_మిరప
అందుకే మేము ముందు గుప్పెడు మా కాయలే ఆడించి ఆ పొడిని పక్కన పెట్టేస్తాము. తరువాతే అసలు సరుకు పోస్తాము. పూర్తిగా పోతుందని కాదు. ఇంకో సంగతి, కొన్న కాయల్లో నాలుగైదు చీల్చి లోపల కూడా చూడండి. చేతికి మెత్తగా వంగే కాయలో తేమ ఉంటుంది.

వంటింటి_కిటికీ
ఎండుమిరపకాయలు కూడా కొని తెచ్చి చీల్చి చూశాను. పది కాయల్లో రెండింటి లోపల గింజల చుట్టూ బూడిద రంగు బూజు ఉంది. బయట నుంచి చూస్తే ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. తొడిమలు సరిగానే ఉన్నాయి, నూనె దూదికి రంగు అంటలేదు. ఆ రెండూ తీసేసి మిగతావి వాడవచ్చా?

గాజుకుప్పె
వద్దు. పదిలో రెండు అంటే చాలా ఎక్కువ. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేసే రకం కావచ్చు. ఎండబెట్టినా వేయించినా ఆ విషం పోదు. మొత్తం తిరిగి ఇచ్చేయండి.

వంటింటి_కిటికీ
ఇచ్చేశాను, గొడవ లేకుండానే తీసుకున్నారు. మట్టిగడ్డ కొమ్ముల్లో రెండు, పాత కారంపొడిలో నాలుగు చెంచాలు వేర్వేరు సంచుల్లో కట్టి ప్రయోగశాలకు పంపాను. కొమ్ముల్లో సీసం, పొడిలో సూడాన్ చూడమని రాశాను. ఆ కారం డబ్బా మూత మీద కాగితం అంటించి పై అరలో పెట్టాను. ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను.